తల్లీబిడ్డా క్షేమం, మరి తిరిగి వచ్చేదెప్పుడు?

(మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, త్వరలో తల్లిదండ్రులు కాబోతున్న ఉద్యోగులకూ వాళ్ల టీమ్ లీడ్‌లకూ ఒక శనివారం ఉదయం ఓ ప్రాజెక్టు మేనేజర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం అండీ. వెనకున్న వాళ్లకి వినపడుతోందా? సరే.

కాబోయే నాన్నలు ఎంతమంది ఉన్నారు, ఒకసారి చెయ్యెత్తండి. ఆరుగురు. కాబోయే అమ్మలు? నలుగురు. మిగతావాళ్లంతా సమోసాల కోసం వచ్చారన్నమాట. (నవ్వులు)

ఇవాళ నేను మాట్లాడేది చాలా చిన్న విషయం. బిడ్డ పుట్టాక మీరు టీమ్‌కి పంపే ఒక్క మెయిల్ గురించి. గ్రూపులో పెట్టే మెసేజ్ అయినా ఇదే లెక్క. అయిదారు వాక్యాల మెయిల్‌కి గంటసేపు ప్రసంగం ఎందుకా అని మీకు అనిపించొచ్చు. పద్దెనిమిదేళ్లుగా టీమ్‌లు నడుపుతున్నాను, ఇలాంటి మెయిళ్లు చాలానే అందుకున్నాను. వాటిలో ఎక్కువ భాగం చదివాక "అబ్బ, ఎంత సంతోషం" అనుకుని, వెంటనే "ఇంతకీ ఎప్పుడొస్తాడు?" అని పక్క సీటువాణ్ణి అడగాల్సి వచ్చింది.

మా తాతగారు గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో తంతి ఆఫీసులో పనిచేసేవారు. టెలిగ్రాముకి మాటకింత అని డబ్బు కట్టాలి కదా. కూతురు పురుడు పోసుకుందని అల్లుడికి తంతి కొట్టడానికి వచ్చిన పెద్దమనిషి కౌంటరు దగ్గర నిలబడి, రాసిన కాగితంలో మాటలు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ ఉండేవాడట. తంతి వెళ్లేది ఇంగ్లీషులో. అవతలి ఊళ్లో దాన్ని చదివి చెప్పే పోస్టుమ్యాన్ మాత్రం గుమ్మంలోంచే "మగపిల్లాడండీ, తల్లీబిడ్డా క్షేమం" అనేవాడు. తీరికున్నవాళ్లు కార్డు ముక్క రాసి నాలుగు మూలలా పసుపు పూసి పంపేవారు. ఆ పసుపు చూడగానే, చదవకముందే, శుభవార్త అని తెలిసిపోయేది. మన మెయిల్ సబ్జెక్టు లైను చెయ్యాల్సిన పని అదే. టెలిగ్రాము 2013 జులైలో ఆగిపోయింది. మాటకి డబ్బు కట్టే బాధ కూడా పోయింది. దాంతో మనవాళ్లు తెల్లవారుజామున మూడింటికి ఆసుపత్రి వరండాలో కూర్చుని నాలుగు వందల మాటలు రాస్తున్నారు.

ఆ నాలుగు వందల మాటలు రాసిన అబ్బాయి ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పను. వాడి అనుమతి తీసుకునే చెబుతున్నాను. (నవ్వులు) నువ్వు తల వంచుకుంటే అందరికీ తెలిసిపోతుందిరా, మామూలుగా కూర్చో.

2025 ఆగస్టు 12, మంగళవారం. రాత్రి పదకొండున్నర దాటాక పాప పుట్టింది. రెండున్నరకి మెయిల్ వచ్చింది. పొద్దున్న పదింటికి నొప్పులు మొదలవడం, ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం, డాక్టరమ్మ ఏమన్నది, చివర్లో ఆపరేషన్ ఎందుకు చెయ్యాల్సి వచ్చింది, పాప బరువు, అత్తగారు ఏడవడం, నర్సులకి కృతజ్ఞతలు, నాలుగు ఫోటోలు. అన్నిటికంటే కింద, ఫోటోల తర్వాత, ఒక వాక్యం: "నేను రెండు వారాలు అందుబాటులో ఉండను."

అరవై పైన అభినందనలు వచ్చాయి. ఆ చివరి వాక్యాన్ని ముగ్గురు మూడు రకాలుగా అర్థం చేసుకున్నారు.

డాలస్‌లో మా క్లయింట్ వైపు లీడ్ ఉన్నారు. ఆయన క్యాలెండరు తీసి 13 నుంచి పద్నాలుగు రోజులు లెక్కపెట్టారు. 26తో అయిపోయాయి, కాబట్టి 27 బుధవారం వచ్చేస్తాడని ఆ రోజుకి రివ్యూ మీటింగ్ పెట్టేశారు. ఇక్కడ మా టీమ్‌లో పిల్లలు "27 వినాయక చవితి, మనకి సెలవు, కాబట్టి 28న వస్తాడు" అనుకున్నారు. ఇద్దరిదీ తప్పే. మా కంపెనీ ఇచ్చే పెటర్నిటీ లీవ్ పది పనిరోజులు. నాతో పాటు వేళ్లు మడవండి. 13 బుధవారం ఒకటి, 14 గురువారం రెండు. 15 స్వాతంత్ర్య దినోత్సవం, లెక్కలోకి రాదు. 16, 17 శని ఆదివారాలు. 18 నుంచి 22 వరకు అయిదు రోజులు, మొత్తం ఏడు. 25 ఎనిమిది, 26 తొమ్మిది. 27 చవితి, మళ్లీ లెక్కలోకి రాదు. 28 గురువారంతో పది. అంటే అబ్బాయి తిరిగి రావలసింది 29 శుక్రవారం. లీవ్ పోర్టల్‌లో ఆ తేదీ సరిగ్గానే ఉంది. కానీ పోర్టల్ చూసేది ఎవరు? అతనూ, నేనూ. డాలస్ ఆయనకి అందులోకి వెళ్లే దారే లేదు.

27 రాత్రి మన టైము తొమ్మిదింటికి ఆయన మీటింగ్‌లో ఒక్కరే కూర్చున్నారు. చవితి రోజు, మనవాళ్లు ఉండ్రాళ్లు తిని నిద్రకి సిద్ధమవుతున్నారు. ఆయన కోప్పడలేదు. "బిడ్డ పుట్టినవాణ్ణి ఏమంటాం" అన్నారు. కానీ ఆ రివ్యూ మళ్లీ కుదరడానికి తర్వాతి వారం దాకా పట్టింది. పొరపాటు ఆయనది కాదు, సెలవులు లెక్కపెట్టిన మా పిల్లలదీ కాదు. "రెండు వారాలు" అన్న మాటది.

అందుకే మా టీమ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. సెలవు గురించి రాసేటప్పుడు వారాలూ రోజులూ రాయం, తేదీలు రాస్తాం. ఒకటి కాదు, మూడు తేదీలు. సెలవు మొదటి రోజు, సెలవు చివరి రోజు, తిరిగి సీట్లో కూర్చునే రోజు.

మూడోది ఎందుకు, చివరి రోజు చెప్పాక తర్వాతి పనిరోజు వాళ్లే చూసుకుంటారు కదా అని చాలామంది అడుగుతారు. చూసుకోరండీ. తెలుగులో "28 వరకు సెలవు" అంటే 28న వస్తాడా రాడా? ఈ హాల్లోనే చేతులెత్తమంటే సగం సగం ఎత్తుతారు. "28 దాకా" అన్నా అంతే. ఇంగ్లీషులో రాసినా ఇదే గొడవ. పక్కనే "29 శుక్రవారం ఆఫీసులో ఉంటాను" అని ఉంటే ఇక అనుమానానికి చోటుండదు. పండగలు మధ్యలో వచ్చినప్పుడు మరీ అవసరం, ఎందుకంటే మన చవితి డాలస్ క్యాలెండర్‌లో ఉండదు, వాళ్ల సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే మన క్యాలెండర్‌లో ఉండదు.

తేదీ పక్కన వారం కూడా రాయండి. ఇది నా సొంత పిచ్చి అనుకోండి. రెండు రాత్రుళ్లు నిద్రలేని మనిషి రాసే మెయిల్ అది. తేదీ తప్పు పడటం సహజం. "29 ఆగస్టు, శుక్రవారం" అని రాస్తే, ఒకవేళ 29 బదులు 26 అని పడినా, ఎవరో ఒకరు "26 మంగళవారం కదా?" అని పట్టుకుంటారు. వారం లేకపోతే ఆ తప్పు అలాగే క్యాలెండర్‌లలోకి వెళ్లిపోతుంది.

నెల పేరు అక్షరాల్లో రాయండి. 08/09 అని రాస్తే మనకి సెప్టెంబరు ఎనిమిది, అమెరికా వాళ్లకి ఆగస్టు తొమ్మిది. నెలలో పన్నెండో తేదీ దాటితే పరవాలేదు గానీ, మీ బిడ్డ ఏ తేదీన పుట్టాలో మీ చేతుల్లో లేదు కదా. (నవ్వులు)

ఇప్పుడు ఆ అబ్బాయి మెయిల్‌ని మేమిద్దరం కూర్చుని మళ్లీ రాశాం. మీరు ఆఫీసులో ఇంగ్లీషులోనే రాస్తారు, నేను తెలుగులో చదువుతాను.

సబ్జెక్టు: పాప పుట్టింది. ఆగస్టు 29 శుక్రవారం తిరిగి వస్తాను.

"అందరికీ నమస్తే. నిన్న, ఆగస్టు 12 రాత్రి, మాకు పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇవాళ, ఆగస్టు 13 బుధవారం నుంచి ఆగస్టు 28 గురువారం వరకు సెలవులో ఉంటాను. 29 శుక్రవారం ఉదయం ఆఫీసులో ఉంటాను. అప్పటిదాకా బిల్లింగ్ పనులకి ఫలానా వారిని అడగండి, మిగతావాటికి మన మేనేజర్‌ని. ఈ రోజుల్లో మెయిల్ చూడను."

అంతే. ఫోటో పెట్టాలనిపిస్తే ఒకటి పెట్టండి, అది మీ ఇష్టం, మీ ఇంట్లో వాళ్ల ఇష్టం. దిష్టి తగులుతుందని నానమ్మలు వద్దంటే గొడవ పడకండి. పేరు పెట్టలేదని మెయిల్ ఆపకండి, బారసాల అయ్యాకే పేరని అందరికీ తెలుసు. మున్సిపాలిటీలో జననం నమోదు 21 రోజుల్లోపు చేయించాలి గానీ, దానికి కూడా పేరు అవసరం లేదు, పేరు పన్నెండు నెలల్లోపు ఉచితంగా చేర్చుకోవచ్చు. చట్టానికే తొందర లేనప్పుడు టీమ్‌కి ఏం తొందర?

ఇందులో రెండు వాక్యాల గురించి కొంచెం చెప్పాలి.

"తల్లీబిడ్డా క్షేమం" ముందు రావాలి, తేదీల కంటే ముందు. చదివేవాళ్లకి మనసులో మొదట వచ్చే ప్రశ్న అదే. దానికి జవాబు దొరక్కపోతే మిగతాది బుర్రకెక్కదు, నేరుగా ఫోన్ చేస్తారు. ఆ మాట పడ్డాక వివరాలు అక్కర్లేదు. ఆపరేషనా, మామూలు కాన్పా, కుట్లు ఎన్ని, పాలు పడ్డాయా లేదా, ఇవన్నీ ఆవిడ ఒంటికి సంబంధించిన సంగతులు. మీ భార్య ఎప్పుడూ చూడని నలభై మందికి వాటిని మీరు చెబుతున్నారు. ఈ అబ్బాయి భార్య తర్వాత ఆఫీసు దీపావళి పార్టీకి వచ్చినప్పుడు మా టెస్టింగ్ టీమ్‌లో ఒకాయన "ఆపరేషన్ నొప్పి తగ్గిందామ్మా?" అని అడిగారట. ఆయన మంచివారే. ఆ పిల్ల ముఖం ఎలా ఉండుంటుందో మీరే ఊహించుకోండి.

ఇంకో మాట. "మా ఇంట వారసుడు పుట్టాడు" అని రాసేవాళ్లున్నారు. ఇంట్లో ఎలాగైనా అనుకోండి, టీమ్ మెయిల్‌లో వద్దు. అది చదివేవాళ్లలో ఇద్దరాడపిల్లల తల్లులుంటారు. పాప, బాబు, అంత చాలు.

రెండోది, "ఈ రోజుల్లో మెయిల్ చూడను" అన్న మాట. దీన్ని రాయడానికి మనవాళ్లు చచ్చేంత మొహమాట పడతారు. "అత్యవసరమైతే ఫోన్ చెయ్యండి" అని రాస్తారు. అత్యవసరం అంటే ఏమిటో ప్రతివాడికీ ఒక నిర్వచనం ఉంటుంది. ఒకాయనకి పాస్‌వర్డ్ మర్చిపోవడం కూడా అత్యవసరమే. ఫోన్ తీసేట్టయితే ఎవరు చెయ్యొచ్చో ఒక్కరి పేరు చెప్పండి, ఆ ఒక్కరు వడకట్టి చేస్తారు. మామూలుగా అది మేనేజరే అవ్వాలి. ఆ పని పడేది మా మీదే, పడనివ్వండి.

పని అప్పగించిన మనిషి పేరు రాసేముందు ఆ మనిషికి చెప్పండి బాబూ. మెయిల్‌లో తన పేరు చూసి ఉలిక్కిపడినవాళ్లని చూశాను.

ఇదంతా రాత్రి రెండున్నరకి ఆసుపత్రిలో గుర్తుండదు, ఒప్పుకుంటాను. అందుకే ఎనిమిదో నెల దాటగానే ఈ మెయిల్‌ని ఖాళీలతో రాసి డ్రాఫ్టుల్లో పెట్టుకోండి. పాపో బాబో, పుట్టిన తేదీ, ఆ మూడు తేదీలు, ఇవే ఖాళీలు. ఆ నెలలో వచ్చే కంపెనీ సెలవుల్ని కూడా దాని కిందే రాసి పెట్టుకోండి, పంపేముందు తీసేద్దురు గాని. ఆ రోజు లీవ్ ముందు పోర్టల్‌లో పెట్టండి, పది పనిరోజులు ఎప్పటితో అయిపోతాయో అదే చూపిస్తుంది. ఆ తేదీల్నే మెయిల్‌లోకి ఎక్కించండి. సొంతంగా లెక్కపెట్టొద్దు. పోర్టల్ తెరిచే ఓపిక లేదంటే పుట్టిన తేదీ మాత్రం నాకు మెసేజ్ చెయ్యండి, మిగతా తేదీలు నేను పంపుతాను.

ఒక విషయం కలపకండి. టీమ్‌కి రాసే మెయిల్ వేరు, హెచ్‌ఆర్‌కి పెట్టే లీవ్ దరఖాస్తు వేరు. బిడ్డని ఇన్సూరెన్సులో చేర్చడానికి గడువు ఉంటుంది, ఎన్ని రోజులో మీ పాలసీ కాగితంలో చూసుకోండి. దానికి కావలసిన కాగితాలూ నంబర్లూ హెచ్‌ఆర్‌కే. టీమ్ మెయిల్‌కి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జతచేసినవాడు కూడా ఉన్నాడు. సెలవు నిజమేనని రుజువు చూపించాడన్నమాట. (నవ్వులు)

ఇక నాన్నల్లో ఇంకో రకం ఉంది. భార్య పురిటికి పుట్టింటికి వెళ్తుంది. ఆవిడ తణుకులో, మీరు ఇక్కడ. పది రోజులూ ఒకేసారి వాడేస్తే బారసాలకి సెలవుండదు. అందుకని అయిదు ఇప్పుడు, అయిదు తర్వాత అంటారు. మా కంపెనీ దానికి ఒప్పుకుంటుంది, అన్నిచోట్లా ఒప్పుకోరు, ముందు కనుక్కోండి. ఇదే పాపకి ఇలా చేసుంటే, మొదటి విడత 13, 14, 18, 19, 20 తేదీలు, 21 గురువారం ఆఫీసుకి. పుట్టిన రోజుతో కలిపి లెక్కపెడితే ఇరవై ఒకటో రోజు సెప్టెంబరు 1 సోమవారం. కానీ పంతులుగారు ఇంకా ముహూర్తం చెప్పలేదు. ఇలాంటప్పుడు మనవాళ్లు "మళ్లీ బారసాలకి కొన్ని రోజులు తీసుకుంటాను" అని వదిలేస్తారు. అలా వదలకండి. "రెండో విడత సెప్టెంబరు 1 వారంలో ఉండొచ్చు, ఆగస్టు 22 శుక్రవారంలోగా ఖాయం చేస్తాను" అని రాయండి. తేదీ తెలియకపోతే, ఎప్పుడు తెలుస్తుందో ఆ తేదీ చెప్పండి. మీ టీమ్ లీడ్ దాన్ని పట్టుకుని ప్లాన్ వేసుకోగలడు.

అమ్మల సంగతికి వస్తాను. వీళ్లకి లెక్క వేరు. ప్రసూతి ప్రయోజన చట్టం 1961 నాటిది, 2017లో సవరించారు. మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు. అందులో కాన్పుకి ముందు ఎనిమిది వారాలకి మించకూడదు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు, ముందు వాడుకోగలిగేది ఆరు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే లెక్కలు పెట్టారు. ఈ వారాల్లో ఆదివారాలూ పండగలూ అన్నీ కలిసే ఉంటాయి. 1977లో కోయంబత్తూరు వైపు ఒక ఎస్టేటు కార్మికురాలి కేసులో సుప్రీంకోర్టు వారమంటే ఏడు రోజులేనని చెప్పింది. అక్కడ గొడవ డబ్బు గురించి, ఆదివారాలకి కూడా కట్టాలా వద్దా అని. మనకి తేదీల లెక్కకి అది పనికొస్తుంది. నాన్నల లీవ్‌లా పండగలు తీసేసి లెక్కపెట్టకండి. 26 వారాలంటే 182 రోజులు, వరసగా.

మా టీమ్‌లో ఒకమ్మాయిది చెబుతాను. డాక్టరు ఇచ్చిన తేదీ 2025 ఫిబ్రవరి 10. అయిదు వారాల ముందు, జనవరి 6 సోమవారం నుంచి లీవ్ పెట్టింది. 182 రోజులు జులై 6 ఆదివారంతో అయిపోతాయి. జులై 7 సోమవారం ఆఫీసు. వెళ్లేముందే ఈ తేదీలతో మెయిల్ పెట్టింది. జనవరి 20నే బాబు పుట్టేశాడు, మూడు వారాల ముందు. మా లీడ్ ఒకాయన "అయితే నువ్వు కూడా మూడు వారాలు ముందొస్తావు కదా" అన్నాడు. (నవ్వులు) రాదండీ. లీవ్ మొదలైపోయాక బిడ్డ ఎప్పుడు పుట్టినా చివరి రోజు మారదు. ఆ అమ్మాయి కాన్పు మెయిల్ మూడే వాక్యాలు: "జనవరి 20న బాబు పుట్టాడు. ఇద్దరం క్షేమం. నా సెలవు తేదీల్లో మార్పు లేదు, జులై 7 సోమవారం వస్తాను." మార్పు లేదు అని చెప్పడం కూడా సమాచారమే. ఆ వాక్యం లేకపోతే ఆ లీడ్ మనసులో జూన్ అనే ఉండిపోయేది.

అదే బాబు ఇంకా ముందు, లీవ్ మొదలవకముందే పుట్టుంటే? ఉదాహరణకి డిసెంబరు 29 ఆదివారం. అప్పుడు మా దగ్గర ఆ రోజునుంచే లెక్క. 182 రోజులు జూన్ 28 శనివారంతో పూర్తవుతాయి, జూన్ 30 సోమవారం రావాలి. అంటే ముందు పంపిన తేదీలన్నీ మారిపోయాయి, తిరిగి రావలసిన రోజు ఒక వారం ముందే వస్తుంది. ఇలాంటప్పుడు కొత్త తేదీలు రాసి, పాతవి రద్దయ్యాయని ఒక మాట రాయాలి. లేకపోతే కొందరి క్యాలెండర్‌లో జులై 7, కొందరిలో జూన్ 30 ఉంటాయి. ఆ మెయిల్ తల్లే రాయాలని లేదు. మంచం మీదున్న మనిషి ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు, భర్త మేనేజర్‌కి రెండు ముక్కలు చెబితే మేం టీమ్‌కి పెడతాం.

మేనేజర్లూ, ఇది మీకు. మీకు కబురు చెప్పారంటే టీమ్‌కి చెప్పమని కాదు. నేనే ఈ తప్పు చేశాను, చాలా ఏళ్ల క్రితం, వేరే చోట. ఒకబ్బాయి తెల్లవారుజామున నాకు మెసేజ్ పెట్టాడు, నేను ఉత్సాహంగా గ్రూపులో అభినందనలు పెట్టేశాను. అదే ఆఫీసులో వాడి మేనత్త కొడుకు పనిచేస్తున్నాడు. వాడు ఇంటికి ఫోన్ చేశాడు. ఫలితం, బిడ్డ పుట్టిన సంగతి నానమ్మకి తన ఆడపడుచు ద్వారా తెలిసింది. ఆవిడ ఆ తర్వాత నెలరోజులు కొడుకుతో సరిగా మాట్లాడలేదట. మన తెలుగువాళ్లకి ఆఫీసుల్లో చుట్టాలుంటారండీ. "టీమ్‌కి నేను చెప్పనా, మీరు చెబుతారా?" అని ఒక్క ప్రశ్న అడగండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. అన్నిసార్లూ "తల్లీబిడ్డా క్షేమం" అని రాసే అదృష్టం ఉండదు. బిడ్డ నెల ముందు పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉండొచ్చు. అప్పుడు ఆ మాట రాయకండి, అబద్ధం అవుతుంది, తర్వాత సర్దుకోలేరు. "నిన్న బాబు పుట్టాడు. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి. నేను సెలవులో ఉన్నాను, తిరిగి వచ్చే తేదీ వచ్చే సోమవారం, ఫలానా తేదీన, మేనేజర్ ద్వారా చెబుతాను. దయచేసి ఫోన్లు చెయ్యొద్దు." అంతవరకే. ఏం జరిగిందో రాయక్కర్లేదు. బిడ్డ దక్కకపోతే అసలు మీరు రాయొద్దు. మేనేజర్‌కి ఒక్క మాట చెప్పండి, మిగతాది మా పని. మేం కూడా కారణం రాయం, "ఫలానా తేదీ వరకు సెలవులో ఉంటారు" అని మాత్రం రాస్తాం, దగ్గరి ఇద్దరు ముగ్గురికి నోటితో చెబుతాం, తిరిగి వచ్చిన రోజు స్వీట్లేవని ఎవరూ అడక్కుండా. అలా అడగడం నేను కళ్లారా చూశాను, అందుకే చెబుతున్నాను.

(కొద్దిసేపు నిశ్శబ్దం)

సరే, ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మేడమ్, మా అన్నయ్య కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. వాళ్లకి పదిహేను రోజులంటాడు. మనకెందుకు పదే?

వాళ్లకి సెలవు నిబంధనల్లోనే ఉంది, 15 రోజులు, ఇద్దరి కంటే తక్కువమంది పిల్లలున్నవాళ్లకి. బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి, లేకపోతే పోతుంది. మనలాంటి ప్రైవేటు కంపెనీల్లో నాన్నలకి ఇన్ని రోజులు ఇవ్వాలని చట్టం లేదు, ఎవరి పాలసీ వాళ్లది. కానీ మీ అన్నయ్యకి పదిహేను రోజులు, మీకు పది పనిరోజులు. ఇందాకటి ఆగస్టు లెక్కలో చూస్తే 13న మొదలుపెట్టిన పది పనిరోజులు 28 దాకా వచ్చాయి, అంటే పదహారు రోజులు. మీ అన్నయ్యని ఏడిపించుకోండి. (నవ్వులు)

ప్రశ్న: బయటి మెయిళ్లకి వెళ్లే ఆటోమేటిక్ జవాబులో బిడ్డ పుట్టిందని పెట్టొచ్చా?

పెట్టొద్దు. అది మీకు మెయిల్ పంపిన ప్రతివాడికీ వెళ్తుంది, క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లతో సహా. అక్కడ సెలవనీ, తిరిగి వచ్చే తేదీ, ఎవరిని అడగాలో, అంతే.

ప్రశ్న: అరవై మంది అభినందనలు పంపితే అందరికీ జవాబివ్వాలా?

వద్దు నాన్నా. అరవై జవాబులు నువ్వు పంపితే, మరో ముప్పై మంది దానికి జవాబిస్తారు. వచ్చాక ఒక్కసారి థాంక్స్ చెప్పు.

ప్రశ్న: నాకు డెలివరీ అయ్యాక ఒంట్లో బాగోక సెలవు పొడిగించాల్సి వస్తే, ముందు రాసిన తేదీ తప్పయిపోతుంది కదా మేడమ్?

తప్పవదమ్మా, మారుతుంది. కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యానికి డాక్టరు కాగితంతో ఇంకో నెల వరకు చట్టమే ఇస్తుంది. అయితే ఆ తేదీకి ముందురోజు రాత్రి కాదు, కనీసం వారం ముందు మేనేజర్‌కి చెప్పు. నీ పని చూస్తున్న మనిషి కూడా ఆ తేదీ చూసుకునే తన సెలవు ప్లాన్ చేసుకుని ఉంటుంది. సంక్రాంతికి టికెట్లు కూడా కొనుక్కుని ఉండొచ్చు.

ఇంకెవరైనా? వెనక ఎవరో చెయ్యెత్తారు.

ప్రశ్న: స్వీట్లు ఏ రోజు తేవాలి?

29 శుక్రవారం. (నవ్వులు) అదిగో, ఈ తేదీ మాత్రం ఎవరికీ రెండోసారి చెప్పక్కర్లేదు. సమోసాలు వచ్చాయంట, వెళ్దాం.